విమానం తప్పితే మేనేజరుకు ఏమని రాయాలి?



కోటిపల్లి రేవు మీకు తెలుసు కదా. అమలాపురం నుంచి బస్సులో ముక్తేశ్వరం వస్తాం. పంటు ఎక్కి గోదావరి దాటుతాం. అవతల కోటిపల్లిలో ఇంకో బస్సు ఎక్కుతాం. మొదటి బస్సు లేటయితే పంటు వెళ్ళిపోతుంది. పంటు వెళ్ళిపోతే అవతలి బస్సు కూడా తప్పిపోతుంది. అవతల మన కోసం ఎదురుచూసే మనిషికి ఈ సంగతి తెలియదు. ఆయన రేవులో నిలబడి దారి చూస్తూనే ఉంటాడు.

విమానాల్లోనూ ఇదే జరుగుతుంది. ఒక విమానం దిగి ఇంకో విమానం ఎక్కాలి. దాన్ని కనెక్షన్ అంటారు. మొదటిది లేటయితే రెండోది తప్పిపోతుంది. అలా తప్పినప్పుడు అవతలి మనిషికి ఏం రాయాలి, ఏ మాట ముందు రాయాలి, టైము ఎలా రాయాలి అన్నదే ఈ పాఠం.

మన కోనసీమ నుంచి చాలామంది కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్ళి పనిచేస్తున్నారు. అందుకని కువైట్ వెళ్ళే ఒక అక్క సంగతి తీసుకుందాం. పాఠం కోసం ఆమె పేరు లక్ష్మి అనుకుందాం.

లక్ష్మి ప్రయాణం

లక్ష్మిది మామిడికుదురు. కువైట్‌లో ఒక క్లీనింగ్ కంపెనీలో ఆరేళ్ళుగా పనిచేస్తోంది. 2025 సంక్రాంతికి సెలవు పెట్టి ఇంటికి వచ్చింది. పండగ వెళ్ళాక జనవరి 18వ తారీఖు శనివారం నాడు తిరుగు ప్రయాణం.

ఈసారి ఆమెకు కొత్త బాధ్యత ఇస్తామన్నారు. కంపెనీకి ఒక స్కూలు శుభ్రం చేసే పని వచ్చింది. అక్కడ పన్నెండు మంది ఆడవాళ్ళ మీద లక్ష్మిని సూపర్‌వైజరుగా పెడతామన్నారు. 19వ తారీఖు ఆదివారం ఉదయం 8 గంటలకు ఆ స్కూల్లో మీటింగు. కువైట్‌లో శుక్రవారం, శనివారం సెలవు. ఆదివారం పనిరోజు. స్కూలు వాళ్ళు ఆ మీటింగులోనే తాళాలు ఇస్తారు. ఎవరు ఏ అంతస్తు చూడాలో లక్ష్మి చెప్పాలి. ఆ జాబితా ఆమె తన నోటుపుస్తకంలో రాసుకుంది. తన చేత్తో రాసుకున్న మొదటి జాబితా అది.

టిక్కెట్టు ఇలా ఉంది. శనివారం పొద్దున్న ఎనిమిదిన్నరకు రాజమండ్రి దగ్గర మధురపూడిలో విమానం ఎక్కాలి. పావుతక్కువ పదింటికి హైదరాబాదులో దిగాలి. అక్కడ మధ్యాహ్నం పన్నెండున్నరకు కువైట్ విమానం ఎక్కాలి. శనివారం సాయంత్రానికల్లా కువైట్ చేరిపోవాలి. రాత్రి పడుకుని పొద్దున్నే మీటింగుకు వెళ్ళాలి.

లక్ష్మి తెల్లవారుజామున బయలుదేరి రావులపాలెం మీదుగా మధురపూడి చేరింది. అప్పటికే పొగమంచు కమ్మేసింది. ఎదురుగా ఉన్న మనిషి కనిపించడం లేదు. జనవరిలో మన వైపు పొద్దుటి పూట ఇది మామూలే. మంచు విడేదాకా విమానం లేవలేదు. లేచేసరికి పదకొండయింది. హైదరాబాదులో దిగేసరికి పన్నెండూ పది. కువైట్ విమానానికి ఇంకా ఇరవై నిమిషాలు ఉంది కదా అని లక్ష్మి పరిగెత్తింది.

కాని విదేశాలకు వెళ్ళే విమానాల కౌంటరు సాధారణంగా గంట ముందే మూసేస్తారు. విమానం ఎక్కే గేటు కూడా ముందే మూస్తారు. మధ్యలో పాసుపోర్టు చూసే చోట వరుస, సామాను తనిఖీ చేసే చోట వరుస. విమానం కళ్ళ ముందే ఉన్నా ఎక్కనివ్వరు. లక్ష్మి విమానం తప్పిపోయింది.

మొదట వచ్చిన మాట

లక్ష్మికి గొంతు పూడుకుపోయింది. ఫోను తీసింది. మేనేజరు గారికి మాటలు రికార్డు చేసి పంపుదామనుకుంది. ఆయనది పాలకొల్లు వైపు. తెలుగాయనే. ఆమె ఇలా మొదలుపెట్టింది.

"నమస్తే సార్, ఏం చెప్పమంటారు సార్, నా తప్పు లేదు సార్, నేను మూడింటికే లేచానండి, మా తమ్ముడు కారు మాట్లాడాడు, మంచు సార్, దారి కూడా కనబడలేదు, వాళ్ళేమో ఇదిగో అదిగో అన్నారు, నేను ఎంత బతిమాలినా..."

చుట్టూ మైకులో కేకలు, జనం గోల. ఆమె ఆపి, తన గొంతు తనే విని చూసుకుంది. సగం మాటలు వినబడలేదు. ఒక నిమిషం మాట్లాడినా మీటింగు మాట రాలేదు. ఎప్పుడు వస్తుందో అసలే లేదు. ఆమె దాన్ని తీసేసింది. రాయడం మొదలుపెట్టింది.

ఎందుకు రాసింది? మేనేజరు ఈ కబురు ఒక్కడే చదివి ఊరుకోడు. వ్యాను డ్రైవరుకు చూపించాలి. స్కూలు వాళ్ళకు చెప్పాలి. రాసిన టైము రేపు కూడా అలాగే ఉంటుంది. విన్న టైము ఒకరి నుంచి ఒకరికి వెళ్ళేసరికి మారిపోతుంది. "ఏడు" అన్నది "ఏడున్నర" అవుతుంది.

మొదటి కబురు: తెలిసినంతవరకే

లక్ష్మికి అప్పటికి కొత్త విమానం దొరకలేదు. ఎప్పుడు చేరుతుందో తెలియదు. అయినా ఆగకుండా మొదటి కబురు పంపింది. హైదరాబాదులో అప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట.

"మేనేజరు గారికి నమస్కారం. నేను లక్ష్మిని. హైదరాబాదులో కువైట్ విమానం తప్పిపోయింది. రేపు ఆదివారం ఉదయం 8 గంటల మీటింగుకు నేను రాగలనని నమ్మకం లేదు. కొత్త టిక్కెట్టు కోసం విమానం వాళ్ళ కౌంటరు దగ్గర ఉన్నాను. మన టైము సాయంత్రం 5 గంటలకు, అంటే కువైట్ టైము మధ్యాహ్నం రెండున్నరకు, మళ్ళీ రాస్తాను. ఈ రాత్రికి ఎయిర్‌పోర్టుకు వ్యాను పంపవద్దు."

ఈ కబురు మళ్ళీ ఒకసారి చదవండి. ఇందులో తను చేరే టైము లేదు. తెలియదు కాబట్టి రాయలేదు. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. మేనేజరు కోప్పడతాడని భయపడి "రాత్రికి వచ్చేస్తాను సార్" అని రాసేస్తారు. ఆ మాట నమ్మి ఆయన మీటింగు అలాగే ఉంచుతాడు. వ్యాను పంపుతాడు. మనిషి రాదు. అప్పుడు విమానం తప్పిన సంగతి కన్నా ఆ మాట తప్పిన సంగతే ఆయనకు గుర్తుంటుంది.

టైము తెలియకపోయినా లక్ష్మి మూడు పనికొచ్చే మాటలు రాసింది. మీటింగు సంగతి రాసింది. మళ్ళీ ఎప్పుడు రాస్తుందో రాసింది. వ్యాను వద్దని రాసింది. "మళ్ళీ రాస్తాను" అని ఊరికే వదిలేస్తే ఆయన పది నిమిషాలకొకసారి ఫోను చూస్తాడు. లేదా తనే ఫోను చేస్తాడు. అప్పుడు లక్ష్మి కౌంటరులో మాట్లాడుతూ ఉంటుంది. గంట చెప్పేస్తే ఆయన తన పని తను చూసుకుంటాడు.

కౌంటరు దగ్గర

రాజమండ్రి నుంచి కువైట్ దాకా లక్ష్మికి ఒకే టిక్కెట్టు. దాని మీద ఒకే పి.ఎన్.ఆర్. నంబరు ఉంది. అలా ఒకే టిక్కెట్టు అయితే, మొదటి విమానం లేటై రెండోది తప్పినప్పుడు, తర్వాతి విమానంలో చోటు చూసే పని విమానం వాళ్ళదే.

రెండు ముక్కలుగా, వేరువేరుగా టిక్కెట్లు కొనుక్కుంటే సంగతి వేరు. రాజమండ్రి విమానం లేటయిందని రెండో విమానం వాళ్ళకు పట్టదు. టైముకు రాలేదు అంటారు. కొత్త టిక్కెట్టుకు డబ్బు మనమే కట్టాల్సి రావచ్చు. తక్కువ ధర అని ఏజెంటు రెండు టిక్కెట్లు చేతిలో పెడితే ఈ సంగతి గుర్తుంచుకోండి.

లక్ష్మి కౌంటరులో రెండు పనులు చేసింది. పాత బోర్డింగ్ పాసులు పారేయకుండా చూపించింది. విమానం లేటయినట్టు ఒక కాగితం రాసి ఇమ్మని అడిగింది. మీటింగుకు ఎందుకు రాలేదో కంపెనీ ఆఫీసులో చూపించడానికి ఆ కాగితం పనికొస్తుంది.

ఆ రాత్రి విమానం నిండిపోయింది. నాలుగున్నరకు కొత్త టిక్కెట్టు చేతికి వచ్చింది. ఆదివారం రాత్రి విమానం అది. ఆమె కూర్చుని టిక్కెట్టు చదివింది.

టిక్కెట్టు మీద టైము చదవడం

కొత్త టిక్కెట్టు మీద ఇలా ఉంది.

హైదరాబాదులో బయలుదేరేది: జనవరి 19, ఆదివారం, 21:30

కువైట్‌లో దిగేది: 00:10 +1

ఈ అంకెలు నిదానంగా చూద్దాం. విమానం టిక్కెట్టు మీద రోజుకు ఇరవై నాలుగు గంటల లెక్క ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండు దాటాక మనం మళ్ళీ ఒకటి, రెండు అంటాం. టిక్కెట్టు మీద 13, 14 అని వేస్తారు. పన్నెండు దాటిన అంకెలోంచి 12 తీసేస్తే మన గంట వస్తుంది. 21 లోంచి 12 తీస్తే 9. కాబట్టి 21:30 అంటే రాత్రి తొమ్మిదిన్నర.

00:10 అంటే అర్ధరాత్రి పన్నెండు దాటి పది నిమిషాలు. పక్కన +1 అని ఉంది. బయలుదేరిన తారీఖుకు ఒకటి కలపాలి అని దాని అర్థం. 19కి ఒకటి కలిపితే 20. అంటే విమానం దిగేది 20వ తారీఖు సోమవారం.

ఇప్పుడు ఒక అనుమానం వస్తుంది. రాత్రి తొమ్మిదిన్నరకు బయలుదేరి పన్నెండూ పదికి దిగితే రెండు గంటల నలభై నిమిషాలే కదా! కువైట్ అంత దగ్గరా? కాదు. విమానంలో కూర్చునేది ఐదు గంటల పైనే. తేడా ఎక్కడ వచ్చింది?

సూర్యుడు ముందు మన కోనసీమలో ఉదయిస్తాడు. కువైట్ మనకు పడమర దిక్కున దూరంగా ఉంది. అక్కడ తర్వాత ఉదయిస్తాడు. అందుకే వాళ్ళ గడియారం మన గడియారం కన్నా రెండున్నర గంటలు వెనక ఉంటుంది. మనకు పొద్దున్న పదిన్నర అయితే వాళ్ళకు ఎనిమిది. దుబాయ్, మస్కట్ అయితే ఒకటిన్నర గంట వెనక.

హైదరాబాదులో రాత్రి తొమ్మిదిన్నర అయినప్పుడు కువైట్‌లో ఏడు. ఏడుకు ఐదు గంటల పది నిమిషాలు కలిపితే పన్నెండూ పది. లెక్క సరిపోయింది.

ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. టిక్కెట్టు మీద బయలుదేరే టైము బయలుదేరే ఊరి టైము. దిగే టైము దిగే ఊరి టైము. కాబట్టి దిగే టైములోంచి మళ్ళీ రెండున్నర గంటలు తీయకూడదు. కొందరు తీస్తారు. అలా తీస్తే 00:10 కాస్తా రాత్రి తొమ్మిదీ నలభై అవుతుంది. డ్రైవరు రెండున్నర గంటలు ముందు వచ్చి, ఎదురుచూసి, విసిగి వెళ్ళిపోతాడు.

రాత్రి పన్నెండు ఏ రోజుది?

ఇది అన్నిటికన్నా పెద్ద చిక్కు. మన ఇళ్ళల్లో తెల్లవారితే రోజు మారినట్టు. ఆదివారం పొద్దుగూకి, అన్నాలు తిని, పడుకున్నాక వచ్చే పన్నెండూ పదిని మనం "ఆదివారం రాత్రి పన్నెండూ పది" అంటాం. పెద్దవాళ్ళు వారాలు అలాగే చెబుతారు. మన మాటలో అది తప్పు కాదు.

కాని విమానం లెక్కలో అర్ధరాత్రి పన్నెండు కొట్టగానే రోజు మారిపోతుంది. పన్నెండూ పది సోమవారంలోకి వెళ్ళిపోతుంది. ఆ లెక్కలో "ఆదివారం 00:10" అంటే శనివారం పడుకున్నాక వచ్చే అర్ధరాత్రి. అంటే ఒక రోజు ముందు!

లక్ష్మి "ఆదివారం రాత్రి 12:10కి దిగుతాను" అని రాసిందనుకోండి. మేనేజరు ఒకలా, డ్రైవరు ఇంకోలా అనుకోవచ్చు. డ్రైవరు శనివారం రాత్రే వెళ్ళి నిలబడవచ్చు. అప్పటికి లక్ష్మి హైదరాబాదులోనే నిద్రపోతూ ఉంటుంది. మర్నాడు రాత్రి నిజంగా ఆమె దిగినప్పుడు ఎవరూ ఉండరు. కొత్త చోటు కాకపోయినా, ఆ వేళ ఒంటరి ఆడమనిషికి ఎంత ఇబ్బంది!

కాబట్టి అర్ధరాత్రి టైము రాసేటప్పుడు వారం, తారీఖు రెండూ రాయండి. దాని పక్కన "ఆదివారం గడిచి సోమవారం వచ్చే రాత్రి" అని మన మాటలో కూడా రాయండి. అప్పుడు ఎవరి లెక్కలో చదివినా ఒకే రాత్రి వస్తుంది.

రెండో కబురు: అసలు కబురు

సాయంత్రం 5 గంటలకు, తను చెప్పిన టైముకే, లక్ష్మి ఇలా రాసింది.

"మేనేజరు గారికి నమస్కారం. నేను లక్ష్మిని.

19వ తారీఖు ఆదివారం ఉదయం 8 గంటల స్కూలు మీటింగుకు నేను రాలేను. క్షమించండి.

రాజమండ్రిలో పొగమంచు వల్ల మొదటి విమానం రెండున్నర గంటలు లేటయింది. హైదరాబాదులో కువైట్ విమానం అందలేదు. లేటయినట్టు కాగితం తీసుకున్నాను.

కొత్త టిక్కెట్టు వచ్చింది. కువైట్‌లో దిగేది 20వ తారీఖు సోమవారం, అర్ధరాత్రి 12 గంటల 10 నిమిషాలకు (00:10), కువైట్ టైము. అంటే ఆదివారం గడిచి సోమవారం వచ్చే రాత్రి. టెర్మినల్ 1. బయటికి వచ్చేసరికి ఒంటిగంటన్నర కావచ్చు.

సోమవారం ఉదయం 8 గంటలకు స్కూల్లో పనికి వస్తాను.

ఎవరు ఏ అంతస్తు చూడాలో నా జాబితా ఫోటో పంపుతున్నాను. మీటింగులో అది చూపించండి. తాళాలు నేను వచ్చేదాకా మీ దగ్గర ఉంచగలరా?

సోమవారం రాత్రి ఒంటిగంటన్నరకు వ్యాను రాగలదో లేదో చెప్పండి. రాలేకపోతే నేను వేరే ఏర్పాటు చేసుకుంటాను. ఈ నంబరులోనే ఉంటాను."

ఈ కబురులో మాటలు ఏ వరుసలో వచ్చాయో చూడండి. మొదట మీటింగు. ఎందుకంటే మేనేజరుకు అన్నిటికన్నా ముందు తెలియాల్సింది అదే. మీటింగు ఆపాలా, జరపాలా అన్నది ఆయన తేల్చుకోవాలి. తర్వాత కారణం, రెండు మూడు చిన్న వాక్యాల్లో. తర్వాత కొత్త టైము. ఆ తర్వాత తను ఎప్పుడు పనిలోకి వస్తుంది. చివర తను అడగాల్సింది.

దిగే టైము, బయటికి వచ్చే టైము ఆమె వేరువేరుగా రాసింది. విమానం నేలకు దిగగానే మనిషి గుమ్మంలో ఉండదు. పాసుపోర్టు చూపించాలి, సామాను కోసం ఆగాలి. దానికి గంట, గంటన్నర పట్టవచ్చు. టెర్మినల్ కూడా రాసింది. కువైట్ విమానాశ్రయంలో ఒకటి కన్నా ఎక్కువ టెర్మినళ్ళు ఉన్నాయి. ఒక దాని దగ్గర డ్రైవరు, ఇంకో దాని దగ్గర మనిషి ఉంటే ఇద్దరూ వెతుక్కోవడమే.

కారణం గురించి ఇంకో మాట. మూడింటికి లేవడం, తమ్ముడు కారు మాట్లాడడం, బతిమాలడం ఇందులో లేవు. అవి నిజమే. ఇంటికి ఫోను చేసినప్పుడు చెప్పుకోవచ్చు. మేనేజరుకు మాత్రం అవి పనికిరావు. "జ్వరం వచ్చింది" లాంటి అబద్ధం అసలే రాయకూడదు. టిక్కెట్టు మీద తారీఖు ఒకటి, మన మాట ఒకటి అయితే ఆ తర్వాత మనం చెప్పిన నిజం కూడా నమ్మరు.

జాబితా ఫోటో వల్ల ఏమైంది? లక్ష్మి మీటింగులో లేకపోయినా ఆమె చేయాల్సిన పని మీటింగుకు చేరింది. మనం వెళ్ళలేని చోటికి మన దగ్గరున్న కాగితం వెళ్ళగలదు. మీటింగు తప్పినప్పుడు "అక్కడ నా నుంచి వాళ్ళకు ఏం కావాలి?" అని ఆలోచించి, అది పంపాలి.

కొత్త టిక్కెట్టు ఫోటో కూడా మేనేజరు ఒక్కరికే పంపింది. పదిమంది ఉన్న గ్రూపులో పెట్టలేదు. దాని మీద పేరు, పి.ఎన్.ఆర్. నంబరు ఉంటాయి. ఆ రెండూ తెలిసినవాళ్ళు ఆ టిక్కెట్టు వివరాలు తెరిచి చూడవచ్చు. కొన్నిసార్లు మార్చనూ వచ్చు.

జవాబు, ఆ తర్వాత

అరగంటకు మేనేజరు జవాబు వచ్చింది.

"సరేనమ్మా. జాబితా అందింది. మీటింగు ఆపడం కుదరదు, నేను వెళ్తాను. తాళాలు నా దగ్గర ఉంచుతాను. వ్యాను 20వ తారీఖు రాత్రి ఒంటిగంటన్నరకు టెర్మినల్ 1 దగ్గర ఉంటుంది. టైము మారితే చెప్పు."

లక్ష్మి ఆ రాత్రి కూకట్‌పల్లిలో చుట్టాలింట్లో పడుకుంది. ఆదివారం సాయంత్రం ఐదున్నరకే ఎయిర్‌పోర్టులో ఉంది. విమానం ఎక్కి కూర్చున్నాక, ఫోను ఆపే ముందు మూడో కబురు పంపింది.

"విమానం ఎక్కానండి. టైము మారలేదు. 20వ తారీఖు సోమవారం 00:10."

ఇంతే. కాని ఇది లేకపోతే డ్రైవరు బయలుదేరాలో వద్దో మేనేజరుకు తెలియదు.

వ్యాను వచ్చింది. సోమవారం పొద్దున్న లక్ష్మి స్కూల్లో ఉంది. ఆదివారం ఒక రోజు జీతం కోత పడింది. అది తప్పలేదు. సూపర్‌వైజరు పని మాత్రం ఆమెకే ఉంది. మేనేజరు తాళాల గుత్తి ఇస్తూ, "నీ జాబితాలో మూడో అంతస్తుకు ఇద్దరినే వేశావు, అక్కడ బాత్‌రూములు ఎక్కువమ్మా, ముగ్గురు కావాలి" అన్నాడు. లక్ష్మి నోటుపుస్తకం తీసి దిద్దుకుంది.

ఇప్పుడు మీరు రాయండి

1. ఒక అన్న మస్కట్ వెళ్తున్నాడు. ముంబైలో విమానం తప్పింది. కొత్త టిక్కెట్టు మీద "ముంబైలో బయలుదేరేది: శుక్రవారం 7వ తారీఖు, 23:00. మస్కట్‌లో దిగేది: 00:20 +1" అని ఉంది. ఆయన ఏ వారం, ఏ తారీఖున దిగుతాడు? అప్పుడు మన ఊళ్ళో ఎన్ని గంటలు?

2. ఆయనకు శుక్రవారం రాత్రి 9 గంటలకు మస్కట్‌లో మేనేజరుతో మీటింగు ఉంది. అది తప్పిపోయింది. లక్ష్మి రెండో కబురు వరుసలోనే మేనేజరుకు కబురు రాయండి. ఐదారు వాక్యాలు చాలు.

3. రాసినది మీ పక్కవాళ్ళకు ఇవ్వండి. ఏమీ చెప్పకుండా చదవమనండి. "ఎయిర్‌పోర్టుకు ఏ రాత్రి, ఎన్ని గంటలకు వెళ్తావు?" అని అడగండి. వాళ్ళు సరిగ్గా చెబితే మీ కబురు బాగుంది. తడబడితే ఏ మాట దగ్గర తడబడ్డారో చూసి, ఆ మాట దిద్దండి.

మొదటి ప్రశ్నకు జవాబు: దిగేది 8వ తారీఖు శనివారం, అర్ధరాత్రి దాటి 20 నిమిషాలకు, మస్కట్ టైము. మస్కట్ మనకన్నా ఒకటిన్నర గంట వెనక. కాబట్టి అప్పుడు మామిడికుదురులో రాత్రి ఒంటిగంటా యాభై నిమిషాలు.